నగల దుకాణానికి బీమా: సేఫ్‌లో ఎంత, షోకేసులో ఎంత, సేల్స్‌మన్ సంచిలో ఎంత?

నగల వ్యాపారులు తీసుకునే బీమాను జ్యూయలర్స్ బ్లాక్ పాలసీ అంటారు. కిరాణా కొట్టుకో బట్టల షాపుకో తీసుకునే పాలసీలో సరుకు ఒకచోట కదలకుండా ఉంటుంది. నగల సరుకు అలా ఉండదు. పొద్దున సేఫ్‌లో ఉన్న గాజు మధ్యాహ్నం షోకేసులో ఉంటుంది, మర్నాడు సేల్స్‌మన్ సంచిలో పక్క జిల్లాలో ఉంటుంది, ఆ తర్వాత పాలిష్‌కని కంసాలి ఇంట్లో ఉంటుంది. ఆ గాజు ఎక్కడుంటే అక్కడి షరతులే దానికి వర్తిస్తాయి. అందుకే క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ మొదట అడిగేది ఎంత పోయిందని కాదు. ఆ గంటలో సరుకు ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది, దానికి కాగితమేది అని అడుగుతుంది. పాలసీ కొనేటప్పుడే ఈ ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకోవాలి.

ఉదాహరణకు ప్రొద్దుటూరులో ఒక మధ్యతరహా దుకాణం ఉందనుకుందాం. కౌంటర్ అమ్మకంతో పాటు అనంతపురం, కర్నూలు షాపులకు హోల్‌సేల్‌గా కూడా ఇస్తారు. లెక్క తేలికగా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలనుకుందాం.

మొదటి పని: రోజుకు రెండుసార్లు తూకం

ఏజెంటు అడిగేది మొత్తం స్టాకు విలువ. మీరు అంతకంటే ముందు రెండు లెక్కలు తీయాలి. ఒకటి, మధ్యాహ్నం 3 గంటలకు దుకాణం నిండుగా ఉన్నప్పుడు ఏ చోట ఎన్ని గ్రాములున్నాయి? రెండోది, రాత్రి షట్టర్ దించాక ఎక్కడ ఎంత ఉంది?

మన ఉదాహరణలో మధ్యాహ్నం సేఫ్‌లో 3,500 గ్రాములు, షోకేసులు, కౌంటర్ ట్రేలలో 2,050, సేల్స్‌మన్ దగ్గర 450, కంసాలుల దగ్గర 300 ఉన్నాయి. మొత్తం 6,300 గ్రాములు. సేల్స్‌మన్ తిరిగొచ్చిన రాత్రి సేఫ్‌లో ఏకంగా 6,000 గ్రాములుంటాయి. అంటే పాలసీలో దుకాణంలోని సరుకుకు రాసే భాగానికి, దుకాణం సెక్షన్‌కు, 6 కోట్ల రూపాయల బీమా కావాలి. మధ్యాహ్నం షాపులో కనిపించే 5,550 గ్రాములు చూసి రాయిస్తే తక్కువైపోతుంది.

ఇది మామూలు రోజు లెక్క. అక్షయ తృతీయ, ధన త్రయోదశి, శ్రావణమాసం పెళ్లిళ్ల ముందు సరుకు పెరుగుతుంది. పాలసీలో రాయించాల్సింది సగటు స్టాకును కాదు, ఏడాదిలో ఏదో ఒక రోజు చేరగల గరిష్ఠాన్ని. ఏడాది పొడవునా అంత ప్రీమియం బరువనిపిస్తే పండగ నెలల వరకు బీమా మొత్తం పెంచుతూ ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి సవరణ తీసుకోవచ్చు.

ఇదే లెక్కలో ఎవరి బంగారం ఎంతన్నది కూడా విడదీయండి. మీ సొంత స్టాకు ఒక వరస. కస్టమర్లు మరమ్మతుకిచ్చినవి, హోల్‌సేలర్ నచ్చితే ఉంచుకోమని పంపినవి ఇంకో వరస. తాకట్టు వ్యాపారం కూడా ఉంటే ఆ నగలు మూడో వరస. పాలసీలో ప్రత్యేకంగా చెప్పకపోతే తాకట్టు నగలకు కవర్ దొరకడం కష్టం. సేఫ్ పగలగొట్టే దొంగ మాత్రం ఏది మీదో, ఏది తాకట్టుదో చూడడు కదా.

రెండో పని: రేటు పెరిగితే బీమా తగ్గిపోతుందని గుర్తించడం

ఈ వ్యాపారంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పాలసీ రాసిన రోజు గ్రాము 7,000 ఉంటే 6,000 గ్రాములకు 4 కోట్ల 20 లక్షలు సరిపోయింది. ఏడాది తిరక్కుండానే రేటు 10,000 అయింది. దుకాణంలో ఒక్క గ్రాము పెరగలేదు, కానీ సరుకు విలువ 6 కోట్లయింది. బీమా 4 కోట్ల 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. అంటే సరుకులో 70 శాతానికే బీమా ఉన్నట్టు.

ఇప్పుడు 1,000 గ్రాములు, అంటే కోటి రూపాయల సరుకు పోయిందనుకోండి. 4 కోట్ల 20 లక్షల బీమా ఉంది కాబట్టి కోటికి ఢోకా లేదని యజమాని అనుకుంటాడు. పాలసీలో యావరేజ్ క్లాజ్ ఉంటే కంపెనీ అలా లెక్క కట్టదు. మిగతా 30 శాతానికి మీరే బీమాదారు అన్నట్టు లెక్కేసి 70 లక్షలిస్తుంది. అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన మొత్తం కూడా తీసేస్తుంది.

విరుగుడు కష్టమైనదేమీ కాదు. ప్రతి నెల మొదటి తేదీన ఆ రోజు రేటుతో స్టాకు విలువ కట్టి, పాలసీలో ఉన్న మొత్తం పక్కన రాసి చూడండి. స్టాకు విలువ దాటిపోతే ఆ రోజే కంపెనీకి ఈమెయిల్ పెట్టి, అదనపు ప్రీమియం కట్టి మొత్తం పెంచుకోండి. కొన్ని కంపెనీలు రేటు పెరుగుదలకు ముందుగానే కొంత శాతం వదిలే ఎస్కలేషన్ క్లాజ్ ఇస్తాయి. అడిగి తీసుకోవాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

నష్టం ఏ విలువకు కడతారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. కొన్ని పాలసీలు కొన్న ధరకు, కొన్ని నష్టం జరిగిన నాటి మార్కెట్ ధరకు కడతాయి. కస్టమర్ దగ్గర వసూలు చేసే తరుగు, మీ లాభం మాత్రం మామూలుగా కలవవు. పాత రేటుకు కొన్న సరుకు చాలా ఉంటే ఈ ఒక్క వాక్యంలోనే లక్షల తేడా ఉంటుంది.

మూడో పని: సేఫ్

పాలసీలో సేఫ్ అంటే దొంగలు తెరవకుండా తయారైన ఉక్కు పెట్టె. ఇనుప బీరువాను సేఫ్‌గా చూపిస్తే ఫారంలో మొదటి తప్పు అక్కడే పడుతుంది. తయారీ కంపెనీ పేరు, మోడల్, బరువు, నేలకు బిగించారా లేదా అన్నవి ఉన్నదున్నట్టు రాయండి. సేఫ్‌ను పక్క షాపుతో ఉమ్మడిగా ఉన్న గోడకు ఆనించకండి. పక్క గది అద్దెకు తీసుకుని గోడకు కన్నం వేసే దొంగలకు అంతకంటే సులువు ఉండదు.

తాళం గురించిన షరతు చాలామందికి తెలియదు. సేఫ్‌ను పగలగొట్టకుండా దాని అసలు తాళంతోనో డూప్లికేట్‌తోనో తెరిచి దోచుకుంటే, ఆ తాళాన్ని బెదిరించో కొట్టో లాక్కున్నారని తేలితే తప్ప ఇలాంటి పాలసీలు డబ్బివ్వవు. డ్రాయరులో పెట్టి మరచిన తాళం దొరికి సేఫ్ తెరిస్తే పాలసీ ఉన్నా లేనట్టే. రెండు తాళాలతో గానీ తెరుచుకోని సేఫ్ తీసుకుని ఒకటి యజమాని, ఇంకొకటి మేనేజర్ ఉంచుకోవడం మేలు. రాత్రి రెండూ దుకాణంలో ఉండకూడదు.

బలప్రయోగం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2004లో హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో సుప్రీంకోర్టు దొంగతనపు పాలసీలో బర్గ్లరీకి ఇచ్చిన నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు చదివింది. బలప్రయోగంతో లోపలికి వచ్చిన ఆధారం లేకపోతే కంపెనీ చెల్లించనక్కర్లేదని తేల్చింది. అది నగల పాలసీ కాదు. కానీ మీ పాలసీలో కూడా దోపిడీ, ఇల్లు పగలగొట్టడం, మామూలు దొంగతనం అన్న మాటలకు నిర్వచనాలుంటాయి. మామూలు దొంగతనం ఉందో లేదో, ఉంటే ఏ షరతుతోనో చదవండి.

సీసీ కెమెరాలు, అలారం, రాత్రి కాపలా మనిషి అని ఫారంలో టిక్కు పెట్టాక అవి మాట ఇచ్చినట్టే. కాపలా మనిషి ఊరెళ్లిన రాత్రి దొంగలు పడితే గొడవ అక్కడే మొదలవుతుంది. ఎప్పుడూ ఉంచగలిగినవే రాయండి. రికార్డరును దొంగలు ఎత్తుకుపోకుండా దాని కాపీ దుకాణం బయట ఎక్కడైనా చేరేలా చూసుకోండి.

నాలుగో పని: షోకేసు

పగలు వ్యాపార వేళల్లో షోకేసులోని సరుకు దుకాణం సెక్షన్ కిందికే వస్తుంది. షట్టర్ దించాక షోకేసులో, కిటికీలో, సేఫ్ బయట ఉన్న సరుకుకు కవర్ ఉండదు. ఇందులో మొహమాటానికి తావులేదు. మన దుకాణంలో 2,050 గ్రాముల షోకేసు సరుకు రాత్రికి సేఫ్‌లోకి చేరాలి. వంద గ్రాముల హారాన్ని అందంగా ఉందని కిటికీలోనే వదిలితే ఆ పది లక్షల బాధ్యత మీదే. రాత్రి వెలుగులో దారిన పోయేవాళ్లకు కనిపించాలంటే గిల్టు నగలు పెట్టుకోవచ్చు.

మధ్యాహ్నం భోజనానికి రెండు గంటలు మూసే ఊళ్లలో ఇంకో చిక్కుంది. ఆ సమయం వ్యాపార వేళ కిందికి వస్తుందా? పాలసీలో స్పష్టంగా లేకపోతే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. నన్నడిగితే జవాబు వచ్చినా రాకున్నా భోజనానికి వెళ్లేముందు ట్రేలు సేఫ్‌లో పెట్టడమే నయం.

కస్టమర్ మాటేమిటి? బైకు మీద వచ్చి అద్దం పగలగొట్టి గొలుసులు లాక్కుపోతే అది దోపిడీ. కానీ చూస్తామని ట్రే అడిగి, ఆరు గాజుల్లో ఒకటి చీర కొంగులో దాచుకుని వెళ్తే కథ వేరు. మీరు నమ్మి చేతికిచ్చిన సరుకు విషయంలో కస్టమర్, బ్రోకరు, కంసాలి, ఉద్యోగి చేసిన మోసాన్ని ఇలాంటి పాలసీలు మినహాయిస్తాయి. చూడ్డానికిచ్చిన ట్రే ఆ కిందికి వస్తుందా రాదా అన్నదే వాదనవుతుంది. ఇంకా ప్రమాదకరమైనది రాత్రి తూకంలో తగ్గుదల కనిపించి, ఎప్పుడు, ఎలా పోయిందో చెప్పలేకపోవడం. అలాంటి తగ్గుదలకు కవర్ ఉండదు. కాబట్టి ట్రేకు ఎన్ని వస్తువులన్నది అంటించి ఉంచాలి, కస్టమర్ లేచేముందే లెక్క చూడాలి, ప్రతి కౌంటర్‌నూ కెమెరా చూస్తూ ఉండాలి. దొంగతనం జరిగిన నిమిషం చూపించగలిగితేనే క్లెయిమ్‌కు బలం.

అయిదో పని: సేల్స్‌మన్ సంచి

దుకాణం బయట మీ మనుషుల చేతిలో ఉన్న సరుకుకు వేరే సెక్షన్, వేరే మొత్తం ఉంటాయి. దుకాణానికి 6 కోట్ల బీమా ఉంది కదా, అందులోంచే ఇస్తారనుకోకండి. ఇక్కడ రెండు పరిమితులు చూడాలి. బయట ఉన్న సరుకంతా కలిపి ఎంత? ఒక్కో మనిషి దగ్గర గరిష్ఠంగా ఎంత?

మన సేల్స్‌మన్‌కు పరిమితి 40 లక్షలు. అతను 450 గ్రాములతో, అంటే 45 లక్షల సరుకుతో అనంతపురం బయల్దేరాడు. దారిలోనే దోచుకుంటే కంపెనీ ఇచ్చేది 40 లక్షలకు మించదు. అలాకాక మధ్యాహ్నానికి 120 గ్రాములు అమ్మేశాడు, మిగిలిన 330 గ్రాముల సంచిని సాయంత్రం బస్టాండులో కత్తి చూపించి లాక్కున్నారనుకోండి. ఆ క్షణాన సంచిలో ఉన్నది 33 లక్షలే. పరిమితి లోపలే ఉంది కాబట్టి ఎక్సెస్ పోగా 33 లక్షలకూ క్లెయిమ్ నిలుస్తుంది. అమ్మిన 120 గ్రాములకు నగదు తీసుకుని అదే సంచిలో పెట్టి ఉంటే అది నగల లెక్కలోకి రాదు. నగదుకు పాలసీలో చోటుందో లేదో, ఉంటే ఎంతో చూసుకోవాలి. బ్యాంకు ద్వారా తీసుకుంటే ఆ టెన్షనే ఉండదు.

ఇప్పుడు కాగితాలు. 450 గ్రాములు బయల్దేరినట్టు డెలివరీ చలానా ఉండాలి. అమ్మకం కాకుండా సరుకు కదిలేటప్పుడు జీఎస్టీ నియమాల్లో 55వ నియమం కింద రాసేది ఇదే. అందులో ప్రతి వస్తువు బరువు, ట్యాగు నంబరు, హాల్‌మార్క్ నగైతే దాని మీది ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ రాయండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలకు ఈ గుర్తు తప్పనిసరైంది కాబట్టి పోయిన వస్తువు ఏదో నిరూపించడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు. అమ్మిన 120 గ్రాములకు బిల్లులుంటాయి. చలానాలోంచి బిల్లులు తీసేస్తే 330 గ్రాములు తేలాలి. తేలకపోతే నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయర్ ముందు ఎంత ఏడ్చినా ప్రయోజనం లేదు. ఎన్నికల తనిఖీలప్పుడు కూడా ఈ చలానాయే కాపాడుతుంది. అధికారులు స్వాధీనం చేసుకున్న సరుకుకు బీమా వర్తించదు.

సంచి మోసేదెవరో కూడా ముఖ్యమే. పాలసీలో ఉద్యోగి అని ఉంటే అతనికి నియామక పత్రం, జీతం బ్యాంకు ద్వారా వెళ్లిన రికార్డు ఉండాలి. నమ్మకస్తుడని బావమరిది కొడుకును పంపిస్తే అతను ఉద్యోగి కాదని కంపెనీ అంటుంది. అలాంటి వాళ్లను పంపే అలవాటుంటే పేరుతో సహా పాలసీలో చేర్పించండి.

సంచి ఎప్పుడూ మనిషి దగ్గరే ఉండాలి. టీ తాగడానికి దిగి కారులో వదిలిన సంచికి, మనిషి లేని వాహనంలోంచి పోయిన సరుకుకు కవర్ ఉండదు. రాత్రి బస చేయాల్సి వస్తే సరుకు ఎక్కడ పెట్టాలో పాలసీ చెబుతుంది. లాడ్జి గది అల్మారాను చాలా కంపెనీలు ఒప్పుకోవు. వీలైతే ఏ రోజుకారోజు తిరిగొచ్చేలా దారి వేసుకోండి. ఫలానా మొత్తం దాటితే ఇద్దరు మనుషులుండాలన్న షరతు ఉంటే రెండో మనిషి పేరు కూడా చలానాలో రాయండి.

ఇక సేల్స్‌మనే సంచితో పారిపోతే? బ్లాక్ పాలసీ ఇవ్వదు. ఉద్యోగి నమ్మకద్రోహానికి ఫిడిలిటీ గ్యారంటీ అని వేరే కవర్ తీసుకోవాలి. దొంగల కంటే లోపలి మనిషితోనే భయం ఎక్కువుండే ఈ వ్యాపారంలో దాన్ని వదిలేయడం నాకైతే అర్థం కాదు. పోస్టు, కొరియర్, నగలు చేరవేసే అంగడియాల ద్వారా పంపే సరుకు ఇంకో సెక్షన్. పంపే అలవాటుంటేనే తీసుకోండి.

ఆరో పని: ఫారం, ప్రీమియం

ఫారం ఏజెంటు చేత నింపించి ఖాళీ కాగితం మీద సంతకం చేయకండి. గతంలో దొంగతనం జరిగి ఉంటే, క్లెయిమ్ వేసి ఉంటే దాచకండి. బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందితేనే రిస్కు మొదలవుతుంది. చెక్కు తిరిగొస్తే పాలసీ కాగితం చేతిలో ఉన్నా లాభం లేదు. పాలసీ వచ్చాక షెడ్యూల్‌లో చిరునామా, సేఫ్ వివరాలు, ప్రతి సెక్షన్ మొత్తం, బ్యాంకు అప్పుంటే బ్యాంకు పేరు సరిచూసుకోండి. అప్పున్నప్పుడు క్లెయిమ్ డబ్బు బ్యాంకు చేతికి పోయే షరతు ఉంటుంది.

ఏడో పని: నష్టం జరిగిన రోజు

దేన్నీ ముట్టుకోకుండా పోలీసులకు ఫోన్ చేయండి, అదే గంటలో కంపెనీకి ఈమెయిల్ పంపండి. ఎఫ్ఐఆర్‌లో హడావిడిగా ఒక అంకె చెప్పి తర్వాత ఇంకో అంకె చెబితే అనుమానం మొదలవుతుంది. ప్రాథమికంగా ఇంత అని, పూర్తి జాబితా తూకం తర్వాత ఇస్తామని రాయించండి.

సర్వేయర్ నష్టాన్ని ఇలా కడతాడు. ఏప్రిల్ 1న స్టాకు 5,200 గ్రాములు. ఆ తర్వాత కొన్నది 9,400. అమ్మింది 8,300. పుస్తకాల ప్రకారం ఉండాల్సింది 6,300. కంసాలుల దగ్గర 300 తీసేస్తే దుకాణంలో 6,000 ఉండాలి. దొంగతనం తర్వాత తూస్తే 4,900 ఉన్నాయి. అంటే పోయింది 1,100 గ్రాములు. ఇంతవరకు కూడికలు, తీసివేతలే.

చిక్కు తర్వాత వస్తుంది. సర్వేయర్ ఇవే అంకెలను జీఎస్టీ రిటర్నులతో, ఆడిట్ చేసిన లెక్కలతో, బ్యాంకుకు నెలనెలా ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంటుతో పోల్చి చూస్తాడు. అప్పు కోసం బ్యాంకుకు 8 కిలోలని, పన్ను కోసం పుస్తకాల్లో 5 కిలోలని చూపించిన దుకాణంలో ఏ అంకెను నమ్మాలి? బిల్లు లేకుండా కొన్న బంగారం పోతే దానికి పుట్టుకే లేదు, కాబట్టి చావూ ఉండదు. రోజూ రాత్రి సేఫ్‌లో ఎంత పెట్టారన్న పుస్తకం రాయడం చాలా పాలసీల్లో షరతు కూడా. దాని ఫోటో ఏ రాత్రికారాత్రి బయటి ఫోనుకు పంపండి. పుస్తకం సేఫ్‌తో పాటే కాలిపోయినా ఆధారం మిగులుతుంది.

జీఎస్టీ సంగతి మరవకండి. దొంగతనం పాలైన సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను చట్టం 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి కట్టాలి. బంగారం మీద పన్ను 3 శాతం కాబట్టి కోటి రూపాయల కొనుగోలుకు అది 3 లక్షలు. క్రెడిట్ ఉంది కదా అని కంపెనీ పన్ను తీసేసి లెక్కగడితే, వెనక్కి కట్టిన చలానా చూపించి ఆ మొత్తాన్నీ అడగండి.

దొంగలు దొరికి బంగారం కోర్టు ద్వారా తిరిగొస్తే, అప్పటికే క్లెయిమ్ తీసుకుని ఉంటే చెల్లించిన మేరకు దాని మీద హక్కు కంపెనీది. దొరకకపోతే ఆచూకీ తెలియలేదని పోలీసులిచ్చే తుది నివేదికను కంపెనీలు అడుగుతాయి. దానికోసం స్టేషన్ చుట్టూ తిరగడం మీ వంతే.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ షరతు కింద అన్నది లిఖితపూర్వకంగా తీసుకోండి. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. అక్కడ తేలకపోతే, మీది ఒక్కరే యజమానిగా ఉన్న దుకాణమో సూక్ష్మ పరిశ్రమో అయితే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు ఉచితంగా వెళ్లవచ్చు. ఆయన ఇప్పించగల మొత్తం 50 లక్షల వరకే. అంతకంటే పెద్ద క్లెయిమ్‌కు వినియోగదారుల కమిషనో సివిల్ కోర్టో ఉన్నాయి. కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు దాటనివ్వకండి.